బ్లిస్టర్ ప్యాకింగ్ ఏరియా: ఏర్ చేంజెస్, ఫిల్టర్లు, ప్రెషర్ కాస్కేడ్ – డిజైన్ నోట్

హైదరాబాద్ శివార్లలోని ఒక నాన్‌స్టెరైల్ టాబ్లెట్ యూనిట్ కోసం రాసిన నోట్ ఇది. మూడు బ్లిస్టర్ లైన్లు, ఒక్కో లైన్‌కు ఒక ప్రైమరీ క్యూబికల్. బ్లిస్టర్లు గోడలోని కన్నం గుండా కన్వేయర్ మీద సెకండరీ ప్యాకింగ్ హాల్లోకి వస్తాయి. టాబ్లెట్ బయటికి కనిపించేది క్యూబికల్లోనే కాబట్టి దానికీ క్లీన్ కారిడార్‌కూ ఐఎస్ఓ 8 ఎట్ రెస్ట్ పెట్టుకున్నాం. అంటే 0.5 మైక్రాన్, అంతకంటే పెద్ద కణాలు ఘనపు మీటరుకు 35,20,000 దాటకూడదు. 5 మైక్రాన్, ఆపైవి 29,300 దాటకూడదు. హాలుకు గ్రేడ్ లేదు, ఫిల్టర్ చేసిన చల్లగాలి చాలు. గదుల్లో 24 ± 2 డిగ్రీలు, తేమ 45 ± 5 శాతం.

ఏర్ చేంజెస్ ఎంత?

ఏసీహెచ్ అంటే గది గాలి గంటకు ఎన్నిసార్లు మారుతుందో ఆ అంకె. చాలా డ్రాయింగుల్లో "20 ఏసీహెచ్" అని ముందే రాసేసి పని మొదలుపెడతారు. డబ్ల్యూహెచ్ఓ మార్గదర్శకాల్లో మామూలుగా 6 నుంచి 20 అని ఉంటుంది, అది ఆనవాయితీ మాత్రమే. అసలు అంకెను రెండు విషయాలు తేలుస్తాయి: గది తిరిగి శుభ్రపడే సమయం, గదిలో పుట్టే వేడి.

క్యూబికల్ 6 × 5 × 3 మీటర్లు, 90 ఘనపు మీటర్లు. కణాల సంఖ్య వందో వంతుకు 15 నిమిషాల్లో దిగాలి.

```
t = 60 × ln(100) / N
N = 60 × 4.605 / 15 = 18.4
```

t నిమిషాలు, N ఏసీహెచ్. గాలి మొత్తం చక్కగా కలిసిపోతేనే ఈ 18.4. మెషీన్ గార్డుల వెనుక, ఫీడర్ కింద గాలి నిలిచిపోతుంది. కలయిక 85 శాతమే అనుకుంటే 21.7 కావాలి.

ఇక వేడి. ఫార్మింగ్, సీలింగ్ ప్లేట్ల నుంచి గదిలోకి వచ్చేది 6 కిలోవాట్లు, మనుషులు, లైట్లు కలిపి 0.6. సప్లై 14 డిగ్రీలు, గది 24 అయితే గంటకు 1,970 ఘనపు మీటర్లు కావాలి. రెండు లెక్కలూ దాదాపు ఒకచోటికే వచ్చాయి. క్యూబికల్‌కు 2,000 ఖాయం చేశాం, అంటే 22 ఏసీహెచ్. మెషీన్ మారితే ఈ వేడి లెక్క మళ్ళీ వేయాలి. 22 అనే అంకెను అలాగే మోసుకుపోకూడదు.

కారిడార్ 132 ఘనపు మీటర్లు, 15 ఏసీహెచ్ చొప్పున 1,980. చేంజ్ రూములు రెండూ, మెటీరియల్ ఏర్‌లాక్ కలిపి 45 ఘనపు మీటర్లు, 20 చొప్పున 900. మూడు క్యూబికల్స్‌తో కలిపితే ప్రైమరీ ఏహెచ్‌యూ, అంటే ఈ గదులకు గాలిని వడపోసి చల్లబరిచి పంపే యూనిట్, సప్లై 8,880.

ప్రెషర్ కాస్కేడ్

బయటి వాతావరణంతో పోలిస్తే కారిడార్ 35 పాస్కల్స్, క్యూబికల్ 20, హాల్ 5. బయటి చేంజ్ రూమ్ 5, లోపలిది 20. మెటీరియల్ ఏర్‌లాక్ 20. పక్కపక్క గదుల మధ్య ఎక్కడైనా 15 తేడా.

కారిడార్ క్యూబికల్ కంటే ఎక్కువలో ఎందుకుండాలి? ఒక లైన్‌లోని టాబ్లెట్ పొడి కారిడార్‌లోకి వస్తే పక్క లైన్‌కు చేరడానికి అదే దారి. క్యూబికల్ హాల్ కంటే ఎక్కువలో ఉండటానికి కారణం వేరు: అట్టపెట్టెల నూలు, కాగితం దుమ్ము కన్నం గుండా లోపలికి రాకూడదు. తలుపులు ఎక్కువ ప్రెషర్ ఉన్న కారిడార్ వైపే తెరుచుకోవాలి, అప్పుడు గాలే తలుపును మూసి పట్టుకుంటుంది. క్యూబికల్‌కు హాల్ వైపు రోజువారీ తలుపు పెట్టలేదు, ఎమర్జెన్సీ కిక్‌అవుట్ ప్యానెల్ ఒక్కటే.

ఒక క్యూబికల్ గాలి లెక్క:

```
Q = 0.827 × A × √ΔP
```

Q సెకనుకు ఘనపు మీటర్లు, A చదరపు మీటర్లు, ΔP పాస్కల్స్. కన్వేయర్ కన్నం 150 × 100 మిల్లీమీటర్లు, అంటే 0.015 చదరపు మీటర్లు. 15 పాస్కల్స్ దగ్గర గంటకు 173 ఘనపు మీటర్లు హాల్లోకి పోతాయి. తలుపు సందుల నుంచి కారిడార్ గాలి 65 లోపలికి వస్తుంది. ఫీడర్ దగ్గర డస్ట్ ఎక్స్‌ట్రాక్షన్ 300. కాబట్టి రిటర్న్ 2,000 + 65 − 173 − 300, సుమారు 1,590.

ఇక్కడే ఎక్కువ గదులు చెడతాయి. ఫార్మాట్ మారినప్పుడు కన్నాన్ని 300 × 150కి పెంచితే లీకేజీ మూడింతలై 519కి చేరుతుంది. క్యూబికల్ ప్రెషర్ కుంగిపోతుంది. అందుకే కన్నానికి జరిపే పలకలు పెట్టి, ప్రతి ఫార్మాట్‌కు సెట్టింగ్‌ను బ్యాచ్ ప్యాకింగ్ రికార్డులో రాయాలి. దీనికి తిరగబడిన సంగతి డస్ట్ ఎక్స్‌ట్రాక్టర్ ఆగడం. ఆ 300కి దారి ఉండదు, రిటర్న్ కొంచెమే పెరుగుతుంది, క్యూబికల్ 35 దాటి పొడిగాలి కారిడార్‌లోకి తిరగబడుతుంది. కాబట్టి ఎక్స్‌ట్రాక్టర్ ఆగితే బ్లిస్టర్ మెషీన్ ఆగాలి, ఆ గది రిటర్న్ డాంపర్ మోటారుతో తెరుచుకోవాలి.

ఫ్రెష్ ఏర్‌ను 10 శాతం అని రాసి వదిలేయొద్దు. 10 శాతమంటే 888. పోయే గాలి ఎంతో చూడండి: మూడు గదుల ఎక్స్‌ట్రాక్షన్ 900, మూడు కన్నాలు 519, చేంజ్ రూములు, ప్యానెల్ జాయింట్లు 250, మొత్తం 1,669. ఫ్రెష్ ఏర్ 1,700 పెట్టాం. 888తో ఏ డాంపర్ తిప్పినా కాస్కేడ్ నిలవదు.

ఫిల్టర్లు

ఏహెచ్‌యూలో కోర్స్ గ్రేడ్ ప్రీఫిల్టర్, తర్వాత ఐఎస్ఓ 16890 ప్రకారం ఈపీఎం1 80 శాతం, ఫ్యాన్ తర్వాత ప్లీనంలో హెచ్13 హెపా. ఒకే ఏహెచ్‌యూలో మూడు ప్రొడక్టుల గాలి తిరిగి కలుస్తుంది కాబట్టి హెపా తప్పదు. ఐఎస్ఓ 8కి టెర్మినల్ హెపా అక్కర్లేదు, ప్లీనంలో ఉంటే మార్చడమూ, లీక్ టెస్టూ గది బయటే అయిపోతాయి. రిటర్న్ రైజర్లు నేల నుంచి 300 మిల్లీమీటర్ల ఎత్తులో, డిఫ్యూజర్లకు ఎదురు మూలల్లో ఉండాలి, కడిగే ఫిల్టర్‌తో. హాల్ ఏహెచ్‌యూకు హెపా లేదు.

ఫ్యాన్‌ను కొత్త ఫిల్టర్ల డ్రాప్ చూసి ఎంచుకోవద్దు. మార్చే దశలో ప్రీఫిల్టర్ 150, ఫైన్ 250, హెపా 500, కాయిల్ 120, డక్టు, డాంపర్లు 400: మొత్తం 1,420 పాస్కల్స్. కొత్తగా ఉన్నప్పుడు 940 మాత్రమే. ఈ తేడాను సప్లై డక్ట్‌లోని ఫ్లో స్టేషన్ చూసి, ఫ్యాన్ వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ సరిదిద్దాలి. లేకుంటే ఫిల్టర్ నిండేకొద్దీ గాలి తగ్గి, ఎవరూ ముట్టుకోకుండానే కాస్కేడ్ జారిపోతుంది.

24 డిగ్రీలు, 50 శాతం తేమకు డ్యూ పాయింట్ 13 డిగ్రీల దగ్గర. కాయిల్ తర్వాత గాలి 11.5కి దిగాలి, ఆపైన రీహీట్‌తో 14కి రావాలి. వానాకాలంలో రీహీట్ ఆపేస్తే గది చల్లబడుతుంది, థర్మోస్టాట్ చల్లనీళ్ళ వాల్వ్‌ను మూసేస్తుంది, తేమ 60 దాటుతుంది.

స్టార్ట్, స్టాప్, బ్యాలెన్సింగ్

ముందు ప్రైమరీ ఏహెచ్‌యూ, తర్వాత డస్ట్ ఎక్స్‌ట్రాక్టర్లు, చివర్లో హాల్ ఏహెచ్‌యూ. ఆపేటప్పుడు తలకిందులు. ప్రైమరీ ట్రిప్ అయితే హాల్ ఫ్యాన్, ఎక్స్‌ట్రాక్టర్లు వెంటనే ఆగి, కన్నాల షట్టర్లు పడాలి. హాల్ ఒక్కటే నడిస్తే అట్టదుమ్ము క్యూబికల్లోకి వస్తుంది.

బ్యాలెన్సింగ్‌లో మొదట ఫ్లో హుడ్‌తో సప్లైలన్నీ ఖాయం చేయండి. తలుపులు మూసి, ఎక్స్‌ట్రాక్టర్లు నడిపి, కారిడార్ నుంచి కిందికి రిటర్న్ డాంపర్లు మాత్రమే తిప్పండి. ప్రెషర్ రాలేదని సప్లై డాంపర్ ముట్టుకుంటే ఏసీహెచ్ లెక్క చెడిపోతుంది. హెపాకు పీఏఓ నూనె పొగతో లీక్ స్కాన్, లీక్ 0.01 శాతం దాటకూడదు. కన్నం దగ్గర పొగ వదిలి, కన్వేయర్ నడుస్తుండగా, ఆగి ఉండగా రెండుసార్లూ అది హాల్ వైపే పోతుందో లేదో చూడాలి. రికవరీ 15 నిమిషాలు దాటితే ఏసీహెచ్ పెంచే ముందు డిఫ్యూజర్ చోటు మార్చి చూడండి.

అలారం గదుల మధ్య తేడా 10 పాస్కల్స్‌కు పడిన దగ్గర, తలుపు తెరిచినందుకు 45 సెకన్ల ఆలస్యంతో. సెన్సార్ రిఫరెన్స్ ట్యూబును సీలింగ్ పైన ఖాళీలో వదలొద్దు. అక్కడి ప్రెషర్ గాలి వీచినప్పుడల్లా మారి దొంగ అలారాలు వస్తాయి, ఆపరేటర్లు అలారాన్ని పట్టించుకోవడం మానేస్తారు. ట్యూబు నేరుగా పక్కగదిలోకే పోవాలి, డిఫ్యూజర్ గాలి తగలని చోట.