గుంటూరు ఇంటి గదుల కొలతలు, మావయ్యకి

మావయ్యా, ప్లాను ఫోటో ఇక దొరకదు. ఫోన్ ఫార్మాట్ చేయించినప్పుడు పోయింది, అసలు కాగితమూ బీరువాలో లేదు. అందుకని పొద్దున్నే బ్రాడీపేట వచ్చి, అమ్మ టేపు చివర పట్టుకుంటే గదులన్నీ కొలిచాను. రేపు బెజవాడలో టైల్స్ కొట్టుకి వెళ్లేటప్పుడు ఈ మెసేజ్ చూపించండి. అన్నీ అడుగులు, అంగుళాల్లోనే.

హాలు 18 అడుగుల 6 అంగుళాలు × 11. ఈ గది మూలమట్టానికి లేదు. వంటింటి వైపు వెడల్పు సరిగ్గా 11 ఉంది, వీధి వైపు 10 అడుగుల 8 అంగుళాలే వచ్చింది. రెండుసార్లు కొలిచాను, అంతే. ఎక్కువ కొలతే పట్టాను: 203.5 చదరపు అడుగులు. మేస్త్రీకి ముందే చెప్పాలి, టైల్స్ పరచడం గుమ్మం వైపు నుంచి మొదలుపెడితే కోసిన ముక్కలు సోఫా వెనక్కి పోతాయి.

ముందు బెడ్‌రూమ్ 12 × 10 అడుగుల 6 అంగుళాలు, 126.
అమ్మ గది 13 అడుగుల 3 అంగుళాలు × 11, 145.75.
వంటిల్లు 10 × 8 అడుగుల 3 అంగుళాలు, 82.5.
వంటింట్లోంచి దేవుడి గది 5 × 4, 20.

మొత్తం 577.75. తరుగు పది శాతం కలిపితే 635 దాటుతుంది. రెండడుగుల టైలు, డబ్బాకి నాలుగు, అంటే 16 చదరపు అడుగులు, కాబట్టి 40 డబ్బాలు. హాలుకి, రెండు బెడ్‌రూములకి నాలుగంగుళాల స్కర్టింగ్‌కి ఇంకో 4. మొత్తం 44. అన్నీ ఒకేసారి తీసుకోండి, డబ్బాల మీద షేడ్ నంబరు, బ్యాచ్ ఒకటేనా అని ఒక్కొక్కటీ చూడండి. తర్వాత తెస్తే రంగు తేడా వస్తుంది.

బాత్‌రూములు: అమ్మ గదిలోది 7 × 4 అడుగుల 6 అంగుళాలు, రెండోది 6 అడుగుల 6 అంగుళాలు × 4. బాల్కనీ 11 × 4. మూడూ కలిపి 101.5, తరుగుతో 112. వీటికి జారని గరుకు టైల్సే కావాలి, నునుపువి ఎంత తక్కువకిచ్చినా వద్దు. మొన్న అమ్మ కాలు జారి కుళాయి పట్టుకుని నిలబడింది, అది తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. గోడలకి ఏడడుగుల ఎత్తు వరకు, తలుపులు తీసేస్తే 273, తరుగు విడిగా.

రంగు: గోడ ఎత్తు 10. హాలు, రెండు బెడ్‌రూములు కలిపి 1525, తలుపులు కిటికీలకి 230 పోతే దాదాపు 1300. కప్పు 475, తెల్లరంగు. లీటర్లు పెయింటరునే చెప్పమనండి, పుట్టీ మీద రెండు కోట్లని చెప్పి. అమ్మ గదిలో బాత్‌రూమ్ వైపు గోడ కింద మూడడుగులు ఉప్పు పొంగి పెచ్చులూడుతోంది. గోరుతో గీస్తే తెల్లటి పొడి రాలింది. చెమ్మ ఆగకుండా దానికి రంగు వేయించొద్దు.

కొట్టుకి వెళ్లాక ఫోన్ చేయండి. రేపు సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, ఏ గోడ అనుమానమున్నా మళ్లీ కొలిచి చెప్తాను.