వద్దు అనే కార్డు

(డిజైన్ డిగ్రీ కోర్సు దరఖాస్తుకి జతచేసిన వ్యాసం)

మా ఫ్రిజ్ తలుపు మీద 24 కార్డులు ఉండేవి. నీళ్లు, తిండి, స్నానం, నిద్ర, అమ్మ, బయటికి... అన్నీ నేనే గీశాను. మా తమ్ముడికి ఆటిజం, మాట్లాడడు. కార్డు తీసి మా చేతికిస్తే వాడికేం కావాలో తెలిసేది. అప్పుడు నాకు 13 ఏళ్లు. ఇంటికొచ్చినవాళ్లు నా బొమ్మలు చూసి మెచ్చుకునేవాళ్లు. నిజం చెప్పాలంటే, వాడికి పనికొస్తున్నాయా లేదా అన్నదానికంటే ఆ మెచ్చుకోలే నాకు ముఖ్యం.

ఒకరోజు స్నానం కార్డు చింపేశాడు. మళ్లీ గీశాను, మళ్లీ చింపాడు. లామినేట్ చేయిస్తే కిటికీలోంచి విసిరేశాడు. వాడికి కోపం ఎక్కువని నేనే తేల్చేశాను. స్పీచ్ థెరపిస్టు మేడమ్ మాత్రం కార్డులన్నీ చూసి ఒకటే అడిగారు: "వీటిలో వద్దు అని చెప్పడానికి ఏది?"

లేదు. ఆపు, ఇంకా, తర్వాత, అవీ లేవు. వాడు ఏం అడిగితే మాకు ఇవ్వడం తేలికో అవే గీశాను. చింపడం ఒక్కటే వాడికి మిగిలింది.

"వద్దు"కి బొమ్మ గీయడం ఇంత కష్టమనుకోలేదు. ఇంటూ గుర్తు పెడితే పట్టించుకోలేదు. అడ్డంగా పెట్టిన అరచేయి గీస్తే దాని మీద తన చేయి వేసి కొట్టి నవ్వాడు! తొమ్మిది రకాలు గీశాను. ఆ రోజుల్లోనే 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కి ఓట్ల్ ఐషర్ బృందం చేసిన ఆటల గుర్తులు చూశాను. నిలువు, అడ్డం, 45 డిగ్రీల గీతలతోనే ఈతగాణ్ణి, పరుగెత్తేవాణ్ణి గీసేశారు. వారం రోజులు అవే కాపీ చేశాను. కానీ ఈదడం కంటికి కనిపించే పని. ఒప్పుకోకపోవడం ఎలా కనిపిస్తుంది?

ఆ తర్వాత వాడి సంగతులు ఇక్కడ రాయను. అవి వాడివి, నేను వాడిని అడగలేదు కూడా.

పోయినేడాది సాయంత్రం రివిజన్ క్లాసుల గురించి మా క్లాసుకి ఫారం తయారుచేసే పని నాకిచ్చారు. ఏ రోజు కావాలి, ఏ సబ్జెక్టు కావాలి, ఎంతసేపు కావాలి. ప్రింటుకి ఇవ్వబోతూ ఆగిపోయాను. మళ్లీ అదే తప్పు! "నాకు ఈ క్లాసు వద్దు" అని ఒక గడి చేర్చాను. ఇలా అడిగితే ఎవరొస్తారని మాస్టారు విసుక్కున్నారు. 40 మందిలో 17 మంది దానికే టిక్ పెట్టారు. ఎందుకని అడిగితే చాలామందికి ఇంటికి వెళ్లే బస్సు దొరకడం లేదట. క్లాసు ఉదయానికి మారింది.

ఫ్రిజ్ మీద చివరికి పనిచేసింది బొమ్మే లేని ఎర్ర కార్డు. నా తొమ్మిది బొమ్మలు చెప్పలేనిది అదెలా చెప్పిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మీ కోర్సుకి దరఖాస్తు పెడుతున్నది అది తెలుసుకోవడానికే.