నాన్నకు, ఆపరేషన్‌కు ముందు

టొరంటో
ఆదివారం రాత్రి

నాన్నా,

నిన్న ఫోన్లో "నాకేం భయం లేదమ్మా" అన్నావు. తర్వాత అమ్మ ఫోన్ తీసుకుని, అర్ధరాత్రి లేచి హాల్లో తిరుగుతున్నావని చెప్పింది. ఫోన్లో అయితే నువ్వు మాట మార్చేస్తావు, అందుకే రాస్తున్నాను. అన్నయ్య పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి ఇస్తాడు. నీ గుండె బైపాస్ ఆపరేషన్ గురించి ఇందులో ఉన్నవి సర్జన్‌గారు అన్నయ్యకూ, వీడియో కాల్లో నాకూ చెప్పినవే.

ముందు నీ పెద్ద అనుమానం. గుండెను బయటికి తీస్తారని కింది ఇంటాయన చెప్పాడట. తీయరు. ఛాతీ మధ్య ఎముకను కోసి తెరుస్తారు, గుండె ఉన్నచోటే ఉంటుంది. బ్లాకుల జోలికి కూడా వెళ్ళరు. దిల్‌సుఖ్‌నగర్‌లో జామ్ అయితే నువ్వు బస్సును పక్క రోడ్లోంచి తిప్పి ముందుకు తీసుకెళ్ళేవాడివి కదా, అదే పని. ఛాతీ లోపల ఎడమవైపు ఉండే ఒక ధమనినీ, కాల్లోంచి తీసిన సిరనూ బ్లాకు దాటిన చోట కుడతారు. కాల్లో సిర తీసేస్తే నడక పోతుందేమో అనుకోకు. మిగతా సిరలు దాని పని చూసుకుంటాయి. కొన్నాళ్ళు ఆ కాలు వాస్తుంది, అంతే.

నీకు గుండె కొట్టుకుంటుండగానే కుట్టాలని సర్జన్‌గారి ఆలోచన. అవసరమైతే కాసేపు గుండెను ఆపి, రక్తాన్ని మెషీన్ మీద నడిపిస్తారు. ఆ నిర్ణయం ఆయనకు వదిలేద్దాం. మొత్తం నాలుగైదు గంటలు పట్టొచ్చు. మత్తులో ఉంటావు కాబట్టి నీకు ఒక్క క్షణం కూడా తెలియదు. టెన్షన్ అంతా బయట కూర్చునే అమ్మకే.

బుధవారం రాత్రి ఛాతీ మీదా కాళ్ళ మీదా వెంట్రుకలు తీసేసి, మందు సబ్బుతో స్నానం చేయిస్తారు. వాళ్ళు చెప్పిన టైమ్ దాటాక ఏమీ తినకూడదు, తాగకూడదు. కట్టుడు పళ్ళూ ఉంగరమూ అమ్మకిచ్చెయ్. ఏ మాత్రలు ఆపాలో ఆ చీటీ అన్నయ్య దగ్గరుంది, నీ సొంత లెక్కలు వద్దు.

ఇప్పుడు చెప్పేది రెండుసార్లు చదువు. ఐసీయూలో మెలకువ వచ్చేసరికి నీ నోట్లో గొట్టం ఉంటుంది. ఊపిరి వెంటిలేటర్ ఇస్తుంటుంది. మాట రాదు. గొంతు పోయిందని కంగారుపడకు, ఆ గొట్టం స్వరతంత్రుల మధ్య నుంచి వెళ్తుంది కాబట్టే మాట రాదు. మగతలో గొట్టం లాక్కోకుండా చేతులు మెత్తటి గుడ్డతో కట్టి ఉంచొచ్చు. అదీ మామూలే. మెషీన్‌తో పోట్లాడకు, అది ఇచ్చే ఊపిరి తీసుకో. నర్సు అడిగితే తల ఊపు, నొప్పిగా ఉంటే కూడా అలాగే చెప్పు. సొంతంగా బాగా ఊపిరి తీసుకుంటున్నావని నమ్మకం కుదరగానే, సాధారణంగా కొన్ని గంటల్లోనే, గొట్టం తీసేస్తారు. ఛాతీ కింద రక్తం బయటికి పోయే పైపులు, మూత్రానికి ట్యూబు, మెడలో సూది ఉంటాయి. అవన్నీ చూసి నాకేదో అయిపోయిందనుకోవద్దు, ఈ ఆపరేషన్ అయిన అందరికీ అవి ఉంటాయి.

నొప్పి ఉండదని అబద్ధం చెప్పను. దగ్గినప్పుడు బాగా తెలుస్తుంది. అయినా దగ్గాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది. దిండును ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గు. మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి గాలి లోపలికి పీల్చమంటారు, విసుక్కోకుండా చెయ్. మర్నాడే కుర్చీలో కూర్చోబెడతారు, ఆ తర్వాత నడిపిస్తారు. గుండె కొట్టుకోవడం కొన్ని రోజులు లయ తప్పొచ్చు. చాలామందికి జరిగేదే, మందులిస్తారు. ఆకలి ఉండదు, ఊరికే ఏడుపు కూడా రావచ్చు. వస్తే ఏడువు నాన్నా, పెద్దరికం ఏమీ పోదు.

సంతకం పెట్టే కాగితంలో రక్తస్రావం, పక్షవాతం, ఇన్ఫెక్షన్ అని అన్నీ రాసి ఉంటాయి. రిస్కు లేదని నేననను. కానీ నీ పంపింగ్ బాగుంది, కిడ్నీలు బాగున్నాయి, అటాక్ రాకముందే ప్లాన్ ప్రకారం చేయించుకుంటున్నాం. ఇవన్నీ నీకు కలిసొచ్చేవే అని డాక్టర్‌గారే అన్నారు.

ఎముక అతుక్కోవడానికి రెండు నెలల దాకా పడుతుంది. అప్పటివరకూ స్కూటర్ లేదు, నీళ్ళ క్యాన్ ఎత్తడం లేదు. ఇరానీ చాయ్‌తో పాటు వెలిగించే ఆ సిగరెట్ మాత్రం ఇక ఎప్పటికీ లేదు. అమ్మకు తెలియదనుకుంటున్నావు గానీ, ఎప్పుడో తెలుసు.

ఆపరేషన్ రోజుకు వస్తే ఐసీయూ అద్దం బయట నిలబడటం తప్ప నేను చేసేదేమీ ఉండదని, ఇంటికొచ్చాక నీ దగ్గర ఉండేలా సెలవు పెట్టాను. శనివారం రాత్రి శంషాబాద్‌లో దిగుతాను. గురువారం పొద్దున నిన్ను లోపలికి తీసుకెళ్ళే వేళకు ఇక్కడ బుధవారం రాత్రి, మెలకువగానే ఉంటాను. ఇంకా అడగాల్సినవి ఉంటే ఈ కాగితం వెనకే రాసి పెట్టు. మంగళవారం సర్జన్‌గారు రౌండ్స్‌కి వచ్చినప్పుడు అన్నయ్య అడుగుతాడు.

నీ
స్వాతి