విషయం: క్షేత్ర పరిశోధన గడువు ఐదు నెలలు (2025 డిసెంబరు 1 నుంచి 2026 ఏప్రిల్ 30 వరకు) పొడిగించవలసిందిగా విన్నపం

గౌరవనీయులైన గురువుగారికి,

నమస్కారములు.

జైన సాధ్వీ బృందాలతో నేను చేస్తున్న క్షేత్ర పరిశోధనకు విభాగం ఇచ్చిన ఏడాది గడువు వచ్చే నవంబరు 30తో ముగుస్తుంది. దానిని 2026 ఏప్రిల్ 30 వరకు పొడిగించేందుకు మీ అనుమతిని, నవంబరు 14న జరిగే పరిశోధన సలహా సంఘం సమావేశానికి మీ సిఫారసును కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆగస్టులో కలిసినప్పుడు "ఒక చాతుర్మాసం పూర్తిగా చూస్తావు కదా, ఆ తరువాత రాయడం మొదలుపెట్టు" అని మీరన్న మాట నాకు గుర్తుంది. ఆ మాట విన్న తరువాత కూడా ఎందుకు అడుగుతున్నానో వివరించవలసిన బాధ్యత నాది కనుక ఉత్తరం కొంత పొడవైంది. మన్నించగలరు.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. సినాప్సిస్‌లో పరిశోధన స్థలాలుగా సాధ్వులు బసచేసే మూడు ఉపాశ్రయాల పేర్లు రాసి, వాటి మధ్య సాగే నడకను ప్రయాణ సమయం కింద లెక్కవేశాను. సాధ్వులు ఏడాదిలో దాదాపు ఎనిమిది నెలలు చెప్పుల్లేకుండా ఊరి నుంచి ఊరికి నడుస్తూనే ఉంటారు. ఆషాఢ చతుర్దశి నుంచి కార్తీక పూర్ణిమ వరకు, వానకు నేల మీద పుట్టే సూక్ష్మజీవులకు హింస జరగకుండా, ఒకేచోట నిలుస్తారు, అదే చాతుర్మాసం. వారి జీవితంలో విహారమనే ఈ నడకే నియమం, నిలకడే దానికి మినహాయింపు. దీన్ని పుస్తకాల్లో చదివి కూడా నా ప్రణాళికను తలకిందులుగా వేసుకున్నాను.

ఇక జరిగిన ఆలస్యం సంగతి. గత డిసెంబరు మొదటివారంలోనే బృందం పెద్ద అయిన గురుణీ మహారాజ్‌ను కలిశాను. ఆచార్య మహారాజ్ ఆజ్ఞ లేనిదే బయటివారిని వెంట ఉండనివ్వలేమని వారన్నారు. ఆచార్యులు అప్పటికి గుజరాత్‌లో విహారంలో ఉన్నారు, వారు ఫోను ముట్టరు. మన మాట శ్రావకుల, అంటే గృహస్థ జైనుల ద్వారా వారి తరువాతి మజిలీకి చేరి, జవాబు మరో మజిలీ నుంచి తిరిగి రావాలి. అలా ఫిబ్రవరి చివరి వారానికి అనుమతి అందింది. మార్చి చివర హైదరాబాదు నుంచి జైన తీర్థమైన కొలనుపాకకు ఆరుమంది సాధ్వులతో నడిచి వెళ్లాను. తిరుగు ప్రయాణంలో వృద్ధ సాధ్వి ఒకరికి మోకాలు పట్టేయడంతో చక్రాల కుర్చీలో నగరానికి తీసుకువచ్చారు, ఆమె కోసం బృందమంతా వేసవి పూర్తిగా ఇక్కడే ఆగిపోయింది. ఫలితంగా నా చేతిలో దాదాపు నాలుగు నెలల చాతుర్మాసం, రెండు నెలల పైచిలుకు ఉపాశ్రయ దినచర్య, కేవలం పదకొండు రోజుల విహారం ఉన్నాయి.

ఆ పదకొండు రోజులే నా పరిశోధన ప్రశ్నను మార్చాయి. ఒక ఉదయం జరిగిన సంగతి మీ ముందు ఉంచుతాను.

భువనగిరి దాటి ఆలేరు వైపు వెళ్లే దారిలో ఒక ఊళ్లో జైనుల ఇల్లు ఒక్కటీ లేదు. కిరాణా కొట్టు నడుపుకునే వైశ్యుల ఇల్లు ఒకటి ఉందని, శాకాహారులేనని తెలిసి ఇద్దరు సాధ్వులు గోచరికి, అంటే భిక్షకు అక్కడికి వెళ్లారు, వెంట నేనున్నాను. గుమ్మంలో నిలబడి వారు "ధర్మలాభ్" అన్నారు. మీకు ధర్మం లభించుగాక అని దీవించడం అది. లోపలి నుంచి పిల్లవాడు "అమ్మా, ఎవరో ధర్మం అడుగుతుండ్రు" అని కేకవేశాడు. ఇంటావిడ పళ్లెంలో వేడివేడి జొన్నరొట్టెలు, పప్పు పెట్టుకుని వచ్చింది. చిన్న సాధ్వి నావైపు తిరిగి, ఇది మా కోసం చేసిందేమో కనుక్కోమని హిందీలో అన్నారు. అడిగాను. "మీ కోసం గాకుంటే ఎవరి కోసమమ్మా! నడిచి వస్తున్నరని మావోడు చెప్తే ఇప్పుడే కాల్చిన" అన్నదా తల్లి. మన ఇళ్లలో అతిథితో అంతకంటే మర్యాదైన మాట లేదు. సాధ్వుల ఆచారంలో మాత్రం తమ కోసం వండిన ఆహారానికి ఆధాకర్మ దోషం ఉంటుంది కాబట్టి అంతకంటే తీసుకోరాని భిక్ష లేదు. ఒక క్షణం తటపటాయించి, ఉన్నది ఉన్నట్టే అనువదించాను. సాధ్వి చెక్క పాత్ర మూత మూసి, మళ్లీ "ధర్మలాభ్" అని మెల్లగా మెట్లు దిగిపోయారు. పళ్లెం పట్టుకుని నిలబడ్డ ఇల్లాలు నన్ను పట్టుకుని, "నేనేం తప్పు జేసిన బిడ్డా?" అని అడిగింది. నేను ఏదో చెప్పాను, అది ఆమెకు రుచించలేదు.

ఆ సాయంత్రం ప్రతిక్రమణ ముగిశాక సాధ్విని ఈ విషయమే అడిగితే, ఇచ్చిన చేతిలో లోపం లేదని, పుచ్చుకుంటే లోపం తమదయ్యేదని అన్నారు. ఇంకో సంగతి కూడా గమనించాను. ఆ పదకొండు రోజుల్లో ఏడు రోజులు వారి ఆహారం, వెంట వాహనంలో వచ్చిన జైన సంఘం వారి వంట నుంచే వచ్చింది. ఆ వంట తమ కోసమేనని సంఘం వారు అంటారు, సాధ్వులు అందులోంచి కొంత స్వీకరిస్తారు. ఈ సర్దుబాటు తమకు ఎంత ఇబ్బందిగా ఉంటుందో చిన్న సాధ్వులే నాతో చెప్పారు. నగరంలో, ఇవ్వడం ఎలాగో తెలిసిన ఇళ్ల మధ్య, ఈ చిక్కు కంటికి కనబడదు. చాతుర్మాసమంతా నేను చూసింది నేర్పుగా ఇచ్చే చేతులనే. ఇవ్వాలన్న మనసు ఉండి నియమం తెలియని తెలుగు పల్లెకూ, నియమం తెలిసి భాష తెలియని సాధ్వికీ మధ్య భిక్ష ఎలా కుదురుతుంది, ఎక్కడ తప్పిపోతుంది అన్నదే సిద్ధాంత గ్రంథానికి వెన్నెముక కావాలని ఇప్పుడు నా అభిప్రాయం. దీనికి పదకొండు రోజుల సామగ్రి చాలదు.

ఏప్రిల్ చివరి వరకే అడగడానికి కారణం ఉంది. బృందంలో ఒక సాధ్వి వర్షీతపం చేస్తున్నారు. రోజు విడిచి రోజు ఉపవాసంతో ఏడాదికి పైగా సాగే ఈ తపస్సు వచ్చే ఏప్రిల్‌లో అక్షయ తృతీయ నాడు చెరకు రసంతో ముగుస్తుంది. తొలి తీర్థంకరుడైన ఋషభదేవునికి భిక్ష ఎలా పెట్టాలో తెలియక జనం ఏనుగులను, రత్నాలను ఇవ్వజూపితే ఆయన ఏడాదికి పైగా పస్తుతో తిరిగి, చివరకు శ్రేయాంసుని చేతి చెరకు రసం స్వీకరించిన కథకు జ్ఞాపకమిది. మేము నడిచి వెళ్లిన కొలనుపాక ఆలయ మూలనాయకుడు, అంటే ప్రధాన మూర్తి కూడా ఆ ఋషభదేవుడే. పాత్ర మూసుకున్న ఆ ఉదయాన్ని ఈ కథ పక్కన పెట్టి చదవాలని ఉంది. ఈసారి అధిక జ్యేష్ఠం రావడంతో చాతుర్మాసం జూలై చివరిలో గానీ మొదలుకాదు, విహారం అంతవరకు సాగుతుంది. అయినా అక్కడి వరకు అడగడం లేదు. రాయవలసినది నెత్తిమీద ఉందని నాకూ తెలుసు.

మీరు తప్పక అడిగే ప్రశ్న, మార్గ ప్రణాళిక ఏది అని. విజయవాడ సంఘం వారు తమ ఊరికి రమ్మని వినతి చేశారు, వరంగల్లు వైపు వెళ్లే ఆలోచన కూడా ఉన్నట్టు విన్నాను. గురుణీ మహారాజ్‌ను నేరుగా అడిగితే "వర్తమాన్ జోగ్" అన్నారు, అంటే ఆనాటికి ఎలా కుదిరితే అలా అని. రేపటి గురించి మాట ఇస్తే, అది తప్పినప్పుడు అసత్య దోషం అంటుతుందని వారు ఏ సంగతికైనా ఇదే జవాబిస్తారు. తేదీలతో సహా పట్టిక పెట్టమని దరఖాస్తు ఫారం అడుగుతోంది. కల్పించి నింపడం నాకిష్టం లేదు. ఆ గడిలో "నవంబరు 5న చాతుర్మాస పరివర్తనం, ఆపై విహారం, దిశ బృందం నిర్ణయం మేరకు" అని మాత్రమే రాశాను. ఇందుకు మీ సమర్థన అవసరమవుతుంది. బృందం జనవరిలోపు తెలుగు ప్రాంతం దాటి మహారాష్ట్ర వైపో కర్ణాటక వైపో వెళ్లిపోతే నేను అక్కడితో ఆగి వెనక్కి వస్తాను. నా ప్రశ్న తెలుగు పల్లెలదే కనుక ఆ తరువాతి రోజులు నాకు అక్కరలేదు.

సమ్మతి పత్రం మీద సంతకం చేయడానికి గురుణీ మహారాజ్ అంగీకరించలేదు. నోటి మాటగా ఇచ్చిన సమ్మతిని ఇద్దరు శ్రావికల సమక్షంలో నమోదు చేశాను, దానిని నైతిక సమీక్ష సంఘం పరిశీలనకు జతచేస్తున్నాను. విద్యుత్తులో అగ్నికాయ జీవులకు హింస ఉందన్న కారణంగా రికార్డరు వాడనివ్వరు. నా నోట్సు అంతా చేతిరాతే, ఇప్పటికి పద్నాలుగు పుస్తకాలైంది. నిన్న జ్ఞానపంచమి నాడు గురుణీ మహారాజ్ వాటి మీద కూడా వాసక్షేపం, అంటే దీవెనగా చల్లే చందనపు పొడి చల్లారు. ఇది సమ్మతి కింద లెక్కకు రాదని తెలిసే రాస్తున్నాను.

రోడ్డు భద్రత గురించి మీరు ఆందోళన పడతారని తెలుసు. బృందం సూర్యోదయం తరువాతే కదులుతుంది. ముందూ వెనకా మెరిసే జాకెట్లు వేసుకున్న విహార సేవకులు ఉంటారు, రోజుకు పన్నెండు నుంచి పదిహేను కిలోమీటర్లు మించదు. సాధ్వుల దగ్గర ఫోను ముట్టను గానీ, ప్రతి మజిలీ నుంచి ఇంటికీ మీకూ మెసేజీ పెడతాను.

రెండో అధ్యాయం, అంటే చాతుర్మాసం మీద సుమారు నలభై అయిదు పుటలు, డిసెంబరు 31లోగా మీ చేతిలో ఉంటుంది. జనవరి నుంచి ప్రతి నెలా మొదటివారంలో నోట్సు సారాంశం పంపుతాను. మే నుంచి క్యాంపస్‌లోనే ఉండి రాస్తాను. 2022 ఆగస్టులో నమోదయ్యాను కనుక యూజీసీ నిబంధనల ప్రకారం ఆరేళ్ల గరిష్ఠ కాలం 2028 వరకు ఉంది, ఈ పొడిగింపు దాన్ని తాకదు. అదనపు నిధులేమీ అడగడం లేదు, ఫెలోషిప్‌కు కావలసిన నెలవారీ హాజరు ధ్రువీకరణ మాత్రం క్షేత్రంలో ఉన్నట్టుగా ఇప్పించగలరు.

ఐదు నెలలు సాధ్యం కాదని మీకు అనిపిస్తే కనీసం ఫిబ్రవరి చివరి వరకైనా ఇప్పించమని వేడుకోలు. అప్పుడు వర్షీతపం పారణ వదులుకోవలసి వస్తుంది, దారి పొడుగునా జరిగే గోచరి మట్టుకు కొంత దక్కుతుంది. బృందానికి అనువాదకురాలిగా ఉంటూ పరిశీలకురాలిగానూ ఉండటం సబబేనా అన్న విషయంలో నాకే స్పష్టత లేదు. దాని మీద మీ మాట కోసం చూస్తున్నాను.

ఫారం, మౌఖిక సమ్మతి నమోదు, పదకొండు రోజుల విహార నోట్సు శుద్ధప్రతి జతచేశాను. నవంబరు 10లోగా మీ సంతకం అందితే సమావేశం కార్యక్రమంలో చేర్చగలమని కార్యాలయం వారు చెప్పారు. శనివారం మధ్యాహ్నం రెండు గంటల తరువాత మీకు వీలైతే గదికి వచ్చి కలుస్తాను.

భవదీయ విద్యార్థిని,
శిరీష
హైదరాబాదు, 2025 అక్టోబరు 27