రెండో వారం దినచర్య: జూలై 13 సోమవారం నుంచి 18 శనివారం వరకు

తమ్ముడూ, నీ నోటుబుక్కు ఫొటోలు పొద్దున కూర్చుని రెండుసార్లు చదివాను. మొదటి వారం 41 అప్లికేషన్లు పెట్టావు. సోమవారం 11, మంగళవారం 9, బుధవారం 8, గురువారం 2, శుక్రవారం 1, శనివారం 10. బుధవారం రాత్రి వద్దన్న మెయిలొచ్చింది, ఆ రెండు రోజులు మంచం దిగలేదని అమ్మ చెప్పింది. బీకాం అయిన కొత్తల్లో నాకూ అట్లాంటి రోజులు గడిచాయి రా. అందుకే ఈ వారం లెక్క తగ్గించి రాస్తున్నా. దీన్ని గోడకి అంటించుకో.

ముందు పోయిన వారం సంగతి.

పోర్టల్లో పెట్టినవి 33. వాటికి వచ్చిన జవాబులు రెండు. ఒకటి ఆ మెయిలు. రెండోది, రిజిస్ట్రేషన్‌కి ₹1,500 కట్టమన్న ఫోను. నువ్వు కట్టకుండా నన్నడిగావు చూడు, అది పోయిన వారంలో నువ్వు చేసిన మంచి పని. ఉద్యోగమిచ్చేవాడు డబ్బులు అడగడు. ఎప్పుడైనా పొరపాటున కట్టేస్తే సిగ్గుపడి దాచొద్దు, వెంటనే 1930కి ఫోన్ చెయ్యి, ఆ తర్వాత నాకు చెయ్యి.

నేరుగా మెయిలు పంపినవి 5. జవాబులు రెండు. ఒంగోలు గ్రానైటు ఎగుమతి ఆఫీసువాళ్లు ఇంటర్వ్యూకి రమ్మన్నారు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట బియ్యం వ్యాపారి నెలాఖరుకి చూద్దామన్నాడు.

స్వయంగా వెళ్లి రెజ్యూమె ఇచ్చినవి 3. కందుకూరు ఆడిటర్ గారి ఆఫీసులో 20 తర్వాత రమ్మన్నారు. మిగతా ఇద్దరూ ఏమీ చెప్పలేదు.

మొత్తం 41లో జవాబు రానివి 36. వాటిలో 31 పోర్టల్లోవే, వాటి వెంట పడొద్దు. మూడు మెయిళ్లు, కందుకూరులో ఇచ్చిన రెండు రెజ్యూమెలు, ఈ ఐదింటికి మాత్రం ఫోన్ చెయ్యాలి. ఎనిమిది చోట్ల మనిషిని వెతికి పంపితే ముగ్గురు మాట్లాడారు, 33 చోట్ల బటన్ నొక్కితే పనికొచ్చే జవాబు ఒక్కటీ లేదు. లెక్కలు చదివినవాడివి, నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ వారం లెక్క: రోజుకి 5. అందులో 3 మెయిలో, స్వయంగా ఇచ్చేవో కావాలి, 2 పోర్టల్లో. మంగళవారం ఇంటర్వ్యూ కాబట్టి ఆ రోజు 2 చాలు. శనివారం 3. వారానికి 25. అంతకు మించి పెట్టొద్దు.

రోజు ఇట్లా గడవాలి.

6:30కి లేచి, నాన్నతో పాటు బయటికి ఒక నడక. టిఫిన్ అయ్యాక 8:45 నుంచి 9:15 దాకా కొత్త ప్రకటనలు చూడు. నౌక్రి, `ncs.gov.in`, ఊళ్ల వాట్సప్ గ్రూపులు, అంతే. నచ్చినవి రాసుకో, అప్పుడే పెట్టెయ్యకు.

9:15 నుంచి 12:30 దాకా అప్లికేషన్లు. ఒక్కోదానికి అరగంట పట్టినా పట్టనీ. గ్రానైటు ఆఫీసుకి పంపేటప్పుడు ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఈ-వే బిల్లు గురించి తెలుసని పైన రాయి. రొయ్యల ప్లాంటుకి అయితే స్టాకు రిజిస్టరు, కొనుగోలు ఎంట్రీలు. ఆడిటర్ ఆఫీసుకి టాలీ, జీఎస్టీ, బ్యాంకు రికన్సిలియేషన్. తెలిసినవే రాయి, తెలియనిది ఒక్కటి రాసినా ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దానిమీదే పడుతుంది. ఫైలు పేరు `resume_final_new2.pdf` అని పంపావు మూడుచోట్ల. ఇక నుంచి `BCom_Accounts_2026.pdf` అనే పేరుతో పంపు.

భోజనం, కాస్త నిద్ర. కరెంటు పోతే పోయిందని ఊరుకో, ఫోన్లో పెట్టుకుంటూ కూర్చోకు.

3:00 నుంచి 4:00 ఫోన్లు. ఇది జాగ్రత్తగా చదువు. ప్రతి నెలా 11కి జీఎస్టీఆర్-1, 20కి జీఎస్టీఆర్-3బీ గడువులు. ఆ ముందు రెండు మూడు రోజులు అకౌంట్స్ వాళ్లకి తల పైకెత్తే తీరిక ఉండదు. నేనే ఆ రోజుల్లో ఎవరైనా ఉద్యోగం సంగతి అడిగితే రెండు ముక్కల్లో పెట్టేస్తా. నువ్వు పోయిన వారం 10న రెండు చోట్లకి ఫోన్ చేశావు, విసుక్కున్నారంటే నీమీద కోపం కాదురా. అందుకే ఈ ఐదు ఫోన్లూ సోమ, మంగళ, బుధవారాల్లోనే అయిపోవాలి. 16 నుంచి 20 దాకా ఆడిటర్ ఆఫీసులకి ఫోన్ వద్దు. ఫోనెత్తగానే ఇట్లా చెప్పు:

“నమస్తే అండీ. సింగరాయకొండ నుంచి మాట్లాడుతున్నాను. అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి పోయిన వారం రెజ్యూమె ఇచ్చాను. అది చూడటానికి వీలైందేమో కనుక్కుందామని చేశాను. ఇప్పుడు కుదరకపోతే మళ్లీ ఎప్పుడు చేయమంటారండీ?”

వాళ్లు ఏ రోజు చెప్పినా ఆ తేదీని వాళ్ల పేరు పక్కనే రాసుకో. ఒకే చోటికి రెండుసార్లు మించి చేయకు.

4:30 నుంచి 6:00 టాలీ, ఎక్సెల్ సాధన. మన చిన్నాన్న ఎరువుల కొట్టు జూన్ బిల్లులు తెచ్చుకుని ఎక్కించు, తర్వాత బ్యాంకు పాసుబుక్కుతో సరిచూడు. ఉత్తుత్తి లెక్కలకన్నా అవే నీకు పని నేర్పుతాయి. గురువారం మాత్రం ఈ సమయంలో అప్రెంటిస్‌షిప్ కోసం `nats.education.gov.in`లో పేరు నమోదు చేసుకో. డిగ్రీ వాళ్లకీ అవకాశం ఉంటుంది.

ఆరు తర్వాత నీ ఇష్టం. ఆడుకో, గుడికెళ్లు, స్నేహితులతో ఉండు. ఉద్యోగం లేనంత మాత్రాన సాయంత్రం కూడా ఉండకూడదని ఎవరూ అనలేదు.

ఫోన్లో అలారాలకి ఈ మాటలే టైపు చేసి పెట్టుకో:

9:15 – “ఇవాళ్టి లెక్క 5. ముందు మెయిలువి 3.”

11:00 – “ఇప్పటికి ఎన్ని? రెండు అయ్యుంటే లేచి మజ్జిగ తాగు. ఒక్కటీ కాకపోతే చిన్నదొకటి ఎంచుకుని పంపెయ్.”

12:30 – “5 అయితే ఆపెయ్. తక్కువైతే మిగిలినవి రేపటికి కలపొద్దు, రేపు మళ్లీ 5 నుంచే.”

3:00 – “నోటుబుక్కు తీయి. ఇవాళ తేదీ రాసున్న వాళ్లకే ఫోన్.”

8:30 – “ఇవాళ ఎన్ని పెట్టానో, ఎవరు మాట్లాడారో అక్కకి ఒక్క మెసేజి.”

సున్నా అయినా సరే పంపు. సున్నా వస్తే నేనేం అడగను, మెసేజి రాకపోతే మాత్రం ఫోన్ చేస్తా.

మంగళవారం 14న ఒంగోలు ఇంటర్వ్యూ 11 గంటలకి. పది లోపు ఒంగోల్లో దిగేలా బయల్దేరు. రెజ్యూమె మూడు కాపీలు, ప్రొవిజనల్, మార్కుల జాబితాలు, ఆధార్ జిరాక్సు సోమవారం సాయంత్రమే కవర్లో పెట్టుకో. ఇన్‌పుట్ క్రెడిట్ అంటే ఏంటని అడుగుతారు. సొంత మాటల్లో, చిన్నాన్న కొట్టునే ఉదాహరణగా చెప్పు. జీతం అడిగితే సోమవారం రాత్రి మనం ఫోన్లో అనుకున్న అంకె చెప్పు, తడబడకు.

శనివారం సాయంత్రం ఆరింటికి వారం లెక్క నువ్వే రాసి పంపు. పెట్టినవి ఎన్ని, అందులో మనిషికి పంపినవి ఎన్ని, ఎవరెవరు మాట్లాడారు, ఎవరికి ఏ తేదీన మళ్లీ చేయాలి. ఇప్పటికే రెండు తేదీలున్నాయి, అవి నేనే రాసి పెడుతున్నా:

జూలై 22 బుధవారం – కందుకూరు ఆడిటర్ ఆఫీసు, స్వయంగా, పదకొండు తర్వాత.

జూలై 28 మంగళవారం – స్టోన్‌హౌస్‌పేట, ముందు మెసేజి. రమ్మంటే మా ఇంట్లోనే దిగు, బావ బండి మీద తీసుకెళ్తాడు.