పద్మకు, పుట్టినరోజు పొద్దున

అనంతపురం,
బుధవారం రాత్రి

పద్మా,

ఈ చీటీ సంచిలో అన్నిటికన్నా పైన పెట్టి పంపుతాండా. చదివినాక ఫోన్ చేయొద్దు, జవాబు కూడా రాయొద్దు.

రేపటికి నీకు నలభై రెండు. అమ్మ పోయి యాభై మూడు రోజులు. ఒకటి రాసి ఇంకోటి మింగేస్తే నీకు తెలిసిపోతుంది, అందుకే రెండూ రాసినా. దినాలైనాక చుట్టాలంతా ఎవరిండ్లకు వాళ్లు పోయినారు. ఇంట్లో నువ్వూ నాన్నా మిగిలినారు. ఏటా ఈ రోజున తెల్లారకముందే నిన్ను లేపి నెత్తికి నూనె పెట్టే చెయ్యి లేదు. అది రేపు పొద్దున లేచిన వెంటనే గుర్తొస్తుంది. వస్తే రానీ. నాన్న చూస్తాడని బాత్రూంలో కొళాయి తిప్పుకొని ఏడవొద్దు, ఆయనకూ అదే గుర్తొచ్చి ఉంటుంది.

ఏటిసూతకంలో తీపి, కొత్తబట్ట వద్దని మీ పెద్దమ్మ చెప్పిందంట. అది మీ ఇంటి పద్ధతి, దాన్ని నేను దాటను. అందుకే సంచిలో ఓళిగలు లేవు, చీర లేదు. ఉగ్గాని సామాను ఉంది. అది రోజూ తినే టిఫినే, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ నీ పుట్టినరోజుకు అమ్మ చేసేది కూడా అదే కదా.

బొరుగులు పావుకిలో ఉన్నాయి, ముగ్గురికి సరిపోతాయి. నువ్వు, నాన్న, పనిచేసే అక్క. ముందు పోపు పెట్టుకో. నాలుగు చెంచాల నూనె, ఆవాలు, కరివేపాకు, సన్నగా తరిగిన రెండు ఎర్రగడ్డలు, దంచిన పచ్చిమిరపకాయలు ఆరు, చిటికెడు పసుపు. ఎర్రగడ్డ మెత్తబడినాకే బొరుగులు నీళ్లలో వేయి. ముందే నానబెట్టినావంటే పోపు అయ్యేలోపు అవి ముద్దయిపోతాయి. ఒకటి రెండు నిమిషాలు చాలు, పిడికిట్లో గట్టిగా పిండి వేసేయి. ఉప్పు కొంచెం తక్కువగానే వేసుకో, పప్పులపొడిలో ఉప్పుంది. చిన్న సీసాలో ఉండేది ఆ పొడే, పుట్నాలూ వెల్లుల్లీ ఎండుకొబ్బరీ వేసి కొట్టినా. పొయ్యి ఆర్పినాక మూడు చెంచాలు చల్లు. పొయ్యి మీద ఉండగా వేస్తే అడుగంటుతుంది. నిమ్మకాయ ఆఖర్న పిండాల. అమ్మ చేతి రుచి రాదు. రాలేదని గిన్నె పక్కకు నెట్టొద్దు, వేడిగా ఉండగా తినేయి. బజ్జీలు నువ్వు చేయొద్దు, కావాలంటే వీధి చివర బండి దగ్గర తెప్పించుకో.

మన గ్రూపులో కేకు బొమ్మలు, బెలూన్లు పెట్టొద్దని అందరికీ చెప్పినా. ఒకరిద్దరు మరిచిపోయి పెడతారు, వాళ్ల మీద కోపం తెచ్చుకోవద్దు. మధ్యాహ్నం దాకా ఫోన్ సైలెంట్‌లో పెట్టుకో. ఎవరైనా ఫోన్ చేసి "ధైర్యంగా ఉండు" అంటే "సరే" అని పెట్టేయి, అంతకంటే వాళ్లకు చెప్పాల్సిందేం లేదు.

అమ్మ బీరువా రేపు తెరవొద్దు. చీరలు ఎవరికి ఏవి ఇవ్వాలో ఏడాది తిరిగినాక చూసుకోవచ్చు, తొందరేం లేదు.

బ్యాంకు మాట పుట్టినరోజున ఎత్తకూడదు గానీ, అది నీ తలలో తిరుగుతానే ఉంటుందని రాస్తాండా. సోమవారం పొద్దున బస్సుకు నేను కర్నూలు వస్తా, పదకొండుకు రాజ్‌విహార్ దగ్గర దిగుతా. మరణ ధ్రువపత్రం అసలు, అయిదు జిరాక్సులు, అమ్మ పాసుబుక్కు, నాన్న ఆధార్, పాన్, రెండు ఫోటోలు ఒక కవర్లో పెట్టు. నామినీగా నాన్న పేరుందో లేదో పాసుబుక్కు మొదటి పేజీలో చూడు. కొన్నిటిలో నామినీ ఉందని మాత్రమే రాసుంటుంది, పేరు బ్యాంకులో అడగాల. అమ్మ ఏటీఎం కార్డుతో డబ్బు తీయొద్దు, పిన్ నీకు తెలిసినా సరే. పోయినాక తీసిన ప్రతి రూపాయికీ క్లెయిమ్ అప్పుడు లెక్క అడుగుతారు, ఆ గొడవ నాన్నకు ఎందుకు. గ్యాసు పేరు మార్పు ఆ తర్వాత చూద్దాం.

సాయంత్రం ఎండ తగ్గినాక నాన్నను తోడుకొని తుంగభద్ర ఒడ్డు దాకా పోయిరా. ఆయన రానంటే బలవంతం చేయొద్దు, నువ్వొక్కదానివే పో. దీపం పెట్టాలనిపిస్తే పెట్టు, అనిపించకపోతే మానుకో.

"హ్యాపీ బర్త్‌డే" అని నోరారా అనలేకపోతాండా. రేపు రెండు పూటలా వేడి మెతుకు నీ నోట్లో పడాల, రాత్రికి నాలుగు గంటలైనా కన్ను మూతపడాల. ఈ ఏటికి నిన్ను నేను దీవించేది ఇదే. నూరేళ్లు చల్లగా ఉండమ్మా అనే మాట వచ్చే ఏడు నీ ఎదురుగా కూర్చొని చెప్తా.

సోమవారం వచ్చేటప్పుడు నాన్నకు మెత్తటి జొన్నరొట్టెలు తెస్తా. ఆయన షుగర్ మాత్రలు ఎన్ని మిగిలినాయో లెక్కబెట్టి పెట్టు.

నీ
సుజాత