నో డ్యూస్ సర్టిఫికెట్: 2021–25 బ్యాచ్‌కు సర్క్యులర్, క్లియరెన్స్ షీట్, తుది పత్రం

ప్రిన్సిపాల్ కార్యాలయం, ఇంజనీరింగ్ కళాశాల, హనుమకొండ
సర్క్యులర్ నం. 14/2025, తేదీ: 26–05–2025

బీటెక్ చివరి సంవత్సరం విద్యార్థులకు, విభాగాధిపతులకు, సెక్షన్ ఇన్‌చార్జిలకు.

టీసీ, కాండక్ట్ సర్టిఫికెట్, డిపాజిట్ వాపసు కావాలంటే ముందుగా నో డ్యూస్ కావాలి. క్లియరెన్స్ షీటు ఆఫీసు కౌంటర్‌లో ఉచితంగా ఇస్తారు. ఐడీ కార్డు, లైబ్రరీ కార్డు, హాస్టల్ గది తాళం, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్స్ వెంట తెచ్చుకోవాలి. భూపాలపల్లి, ఏటూరునాగారం వైపు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు తాళం ఇంట్లో మరిచి వస్తే ఆ రోజంతా వృథా అవుతుంది. జూన్ 2 రాష్ట్ర అవతరణ దినోత్సవం కాబట్టి సెలవు. సంతకాలు జూన్ 3 నుంచి, ఉదయం 10.30 – సాయంత్రం 4 మధ్య.

వరుస తప్పకూడదు. హాస్టల్, ల్యాబులు, లైబ్రరీ ముందు. తర్వాత వ్యాయామ విద్య, ఎన్ఎస్ఎస్. ఆపైన స్కాలర్‌షిప్ సెక్షన్, పరీక్షల విభాగం. అందరి తర్వాతే అకౌంట్స్. పై సెక్షన్లు రాసిన మొత్తాలన్నీ కూడి డిపాజిట్‌లో కోసేది అకౌంట్సే. అక్కడ ముందే సంతకం పడి, తర్వాత మెస్ బిల్లు బయటపడితే లెక్కంతా మళ్లీ మొదలుపెట్టాలి.

సెక్షన్ ఇన్‌చార్జిలకు ఒక మాట గట్టిగా చెప్తున్నాం. బకాయి ఉంటే షీటులోనే రాయండి: ఏ వస్తువు, ఏ రిజిస్టర్ పేజీ, ఎంత మొత్తం. నోటిమాటగా "డ్యూ ఉంది, రేపు రా" అని పంపకూడదు. బకాయి లేకపోతే అదే రోజు సంతకం, తేదీ, ముద్ర మూడూ వేయాలి. తేదీ లేని సంతకాన్ని అకౌంట్స్ వాళ్లు తీసుకోరు. ఇన్‌చార్జి సెలవులో ఉంటే ఎవరు సంతకం చేయాలో సెక్షన్ తలుపు మీద రాసి అంటించాలి.

లైబ్రరీ: ఆలస్యపు జరిమానా ఒక్కో పుస్తకానికి రోజుకు 1 రూపాయి, సెలవులు కలిపే. పుస్తకం పోతే అదే పుస్తకం, అదే ఎడిషన్ లేదా అంతకంటే కొత్తది కొనివ్వవచ్చు; దొరకకపోతే ప్రస్తుత ధర కట్టాలి. బుక్ బ్యాంక్ పుస్తకాలు వేరే రిజిస్టర్‌లో ఉంటాయి, చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. లేటరల్ ఎంట్రీవాళ్ల పేర్లు 2022 సభ్యత్వ రిజిస్టర్‌లో ఉంటాయి. 2021ది చూసి "పేరే లేదు" అని తిప్పి పంపొద్దు. సంతకమయ్యాక కార్డు నిలిపేస్తారు, మళ్లీ పుస్తకం ఇవ్వరు.

ల్యాబులు: సర్వే ల్యాబు పరికరాలు బ్యాచ్ పేరున ఇస్తారు, రిజిస్టర్‌లో మాత్రం బ్యాచ్ లీడర్ సంతకమే ఉంటుంది. ప్రిజం పోల్ బబుల్ పగిలినా, టేపు తెగినా ఇన్నాళ్లూ ఆ ఒక్కరి షీటే ఆగిపోయేది. అది అన్యాయం. ఇకనుంచి రిపేరు బిల్లును ఆ బ్యాచ్ సభ్యులందరికీ సమానంగా పంచి, ఎవరి వాటా వారి షీటులో రాయాలి. వాడి వాడి అరిగినదానికి వసూలు చేయకూడదు.

హాస్టల్: గది ఖాళీ చేసిన తర్వాతే మెస్ లెక్క తేలుతుంది. గదిలోని మంచం, ఫ్యాన్, బీరువా, కిటికీ అద్దాలను వార్డెన్ విద్యార్థి ముందే చూసి రాయాలి. విద్యార్థి వెళ్లిపోయాక కనిపించిన నష్టాన్ని అతని లెక్కలో వేయకూడదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి. ప్రభుత్వం నుంచి కళాశాలకు రావాల్సిన మొత్తం విద్యార్థి బకాయి కాదు. ఈపాస్‌లో నాలుగేళ్లూ రెన్యువల్, బయోమెట్రిక్ పూర్తయి మంజూరై ఉంటే స్కాలర్‌షిప్ సెక్షన్ క్లియరెన్స్ ఇచ్చి తీరాలి. డబ్బు ఇంకా విడుదల కాలేదన్న కారణంతో కూలీనాలీ చేసి చదివించిన తల్లిదండ్రులను ఫీజు కట్టమనకూడదు. విద్యార్థి ఏ ఏడాదైనా రెన్యువల్ చేయకపోయినా, మంజూరు పోను కట్టాల్సిన తేడా మిగిలినా అది మాత్రం బకాయే. ఏడాదివారీగా షీటులో రాయాలి.

బ్యాక్‌లాగ్ ఉండటం డ్యూ కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాల దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. వాటిని నో డ్యూస్‌తో ముడిపెట్టొద్దు.

మొదటి సంతకం నుంచి 15 రోజుల్లో షీటు అకౌంట్స్‌కు చేరాలి. దాటితే హాస్టల్, లైబ్రరీ మళ్లీ చూస్తాయి. డిపాజిట్ 30 రోజుల్లో విద్యార్థి సొంత ఖాతాకే వెళ్తుంది. స్కాలర్‌షిప్ కోసం తెరిచి వదిలేసిన ఖాతాలు వాడకం లేక నిలిచిపోయి ఉంటాయి, డబ్బు వెనక్కి వస్తుంది. కేవైసీ చేయించుకుని, ఖాతా నడుస్తోందని బ్యాంకులో అడిగాకే నంబర్ ఇవ్వండి.

ప్రిన్సిపాల్

---

క్లియరెన్స్ షీటు నం. 38

విద్యార్థిని: బి. శ్రావణి, తండ్రి: సమ్మయ్య. సివిల్ ఇంజనీరింగ్, 2021–25, రోల్ నం. 38. హాస్టల్ గది 112. ఊరు: ములుగు జిల్లా.
కారణం: కోర్సు పూర్తి, టీసీ, డిపాజిట్ వాపసు.

హాస్టల్, మెస్: గది మే 19 ఉదయం ఖాళీ. మే 1–18 మెస్, 18 రోజులు × 95 = 1,710 రూ. బీరువా తాళం ఇవ్వలేదు, కొత్త తాళానికి 150 రూ. మిగతా సామాను సరిగా ఉంది. హాస్టల్ డిపాజిట్‌లో కోయదగినది 1,860 రూ. — వార్డెన్, 03–06–2025

సర్వే ల్యాబు: ప్రిజం పోల్ బబుల్ మార్పు బిల్లు 600 రూ., బ్యాచ్‌లో ఐదుగురు, ఈమె వాటా 120 రూ. రిజిస్టర్ పేజీ 47. — ల్యాబ్ ఇన్‌చార్జి, 03–06–2025

కాంక్రీట్, జియోటెక్నికల్, కంప్యూటర్ ల్యాబులు: బకాయి లేదు. ప్రాజెక్టు రిపోర్టు ఒక ప్రతి విభాగానికి అందింది. — విభాగాధిపతి, సివిల్, 03–06–2025

లైబ్రరీ: ఒక పుస్తకం గడువు ఏప్రిల్ 12, తిరిగిచ్చినది జూన్ 3, 52 రోజులు, 52 రూ. నగదుగా కట్టారు, రసీదు 219. బుక్ బ్యాంక్ పుస్తకాలు రెండూ అందాయి. కార్డు స్వాధీనం. — లైబ్రేరియన్, 03–06–2025

వ్యాయామ విద్య, ఎన్ఎస్ఎస్: లేదు. — 04–06–2025

స్కాలర్‌షిప్: నాలుగేళ్లూ మంజూరు. నాలుగో ఏడాది మొత్తం ప్రభుత్వం నుంచి రావాలి. విద్యార్థిని కట్టాల్సింది లేదు. — 04–06–2025

పరీక్షల విభాగం: పరీక్ష ఫీజులన్నీ చెల్లించారు. — 05–06–2025

అకౌంట్స్: హాస్టల్ డిపాజిట్ 5,000 – 1,860 = 3,140. కాషన్ డిపాజిట్ 2,000 – 120 = 1,880. వాపసు 5,020 రూ. ట్యూషన్ ఫీజు తేడా లేదు. — అకౌంట్స్ ఆఫీసర్, 05–06–2025

---

బకాయి లేదని ధ్రువపత్రం

నం. నో.డ్యూ./38/2025, హనుమకొండ, తేదీ: 06–06–2025

ఈ కళాశాలలో 2021–25 విద్యాసంవత్సరాల్లో బీటెక్ సివిల్ ఇంజనీరింగ్ చదివిన కుమారి బి. శ్రావణి, తండ్రి సమ్మయ్య, రోల్ నం. 38, హాస్టల్, ల్యాబులు, లైబ్రరీ, వ్యాయామ విద్య, ఎన్ఎస్ఎస్, స్కాలర్‌షిప్, పరీక్షలు, అకౌంట్స్ విభాగాలకు ఈ తేదీ నాటికి ఎలాంటి వస్తువు గానీ సొమ్ము గానీ బాకీ లేరని ధ్రువీకరిస్తున్నాం. కోతల వివరాలు క్లియరెన్స్ షీటు నం. 38లో ఉన్నాయి, విద్యార్థిని చదువుకుని సంతకం చేశారు.

వాపసు మొత్తం 5,020 రూపాయలు (ఐదు వేల ఇరవై మాత్రమే) ఆమె బ్యాంకు ఖాతాకు 05–07–2025 లోగా జమ చేయాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఆలస్యమైనా, అసలు రాకపోయినా ఈ పత్రం చెల్లుబాటుకు అడ్డురాదు. ఆ కారణంగా ఆమె నుంచి తర్వాత ఏ మొత్తమూ అడగబోము.

టీసీ, కాండక్ట్ సర్టిఫికెట్ ఈరోజే ఇవ్వాలని ఆఫీసు సూపరింటెండెంట్‌కు ఆదేశం.

ప్రిన్సిపాల్ (సంతకం, కార్యాలయ ముద్ర)

ప్రతులు: విద్యార్థిని, డిపాజిట్ వాపసు కోసం అకౌంట్స్, ఆఫీసు ఫైలు.